కిరాయి అంతా మాట్లాడుకున్నాక "మీరు ఏమోళ్ళు" అని అడిగితే?

రాత్రిడ్యూటీ_హన్మకొండ
ఇల్లు వెతుకుతున్న. నేను ఒక ప్రైవేట్ హాస్పిటల్ల ల్యాబ్ టెక్నీషియన్ని, నా భార్య టీచర్, ఒక పాప. నయీంనగర్ దిక్కు ఒక పై పోర్షన్ చూసినం. రెండు బెడ్రూములు, 9,500 కిరాయి, రెండు నెలల అడ్వాన్స్, బోరు నీళ్ళు, బండి గేటు లోపలనే. ఓనర్ అంకుల్ మంచిగనే మాట్లాడిండు. ఆంటీ చాయ్ పోసింది, మటన్ ఏ షాపుల లేతగ దొరుకుతదో కూడా చెప్పింది. ఒకటో తారీఖు పాలు పొంగిచ్చుకోండి అన్నరు. చెప్పులేసుకుంటుంటే అడిగిండు, "ఇంతకీ మీరు ఏమోళ్ళు బాబూ?" చెప్పిన. "అట్లనా, మంచిది" అన్నడు.

సాయంత్రం ఫోన్. "మా బావమరిది కొడుకు దిగుతడట, ఏమనుకోకు." మా దోస్తు ఇంటిపేరు వింటనే ఎవరో తెలిసిపోతది. వాడు మర్నాడు అదే నంబర్‌కు చేస్తే "ఖాళీగనే ఉంది, వచ్చి చూసుకోండి" అన్నడు. టు-లెట్ బోర్డు ఇంకా గేటుకే ఉంది.

దీనికి చట్టం ఏమన్నా ఉందా అనేది ఒకటి. ఇంకోటి, అదే దోస్తు "ఆయన ఇల్లు ఆయన ఇష్టం, నిన్ను తిట్టలే కొట్టలే, ఏం తప్పు" అంటుండు. తప్పేనని నాకు తెలుసు. ఏం తప్పో మాటల్ల పెట్టలేకపోతున్న.

బ్యాచిలర్_బాధలు
అన్నా మాకు ఏ కులమైనా ఇయ్యరు. బ్యాచిలర్ అంటే గేటు దగ్గర్నుంచే చెయ్యి ఊపుతరు. ఇదంతా మామూలే, ఇంకోటి చూసుకో.

కాజీపేట_జంక్షన్
ఆ బావమరిది కొడుకును నేను కూడా ఎరుగుదును. వరంగల్‌ల ఖాళీ ఉన్న ప్రతి ఇంట్లకు దిగేది వాడే. ఇప్పటిదాక ఒక్కదాంట్ల కూడా దిగలే.

పరకాల_పిల్ల
@బ్యాచిలర్_బాధలు నువ్వు పెండ్లి చేసుకుంటే నీ బాధ తీరుతది. ఆయన ఏం చేసుకుంటే తీరుతది?

సుబేదారి_ఓనర్
నేను ఓనర్నే, నా దిక్కు కూడా వినండి. బ్యాంకు లోను తీసుకొని కట్టిన. కింద మేము, పైన మూడు పోర్షన్లు. లోపలికి రానిచ్చేది ఎవర్నో నాకు తెల్వాలె కదా. కిరాయి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను తీసుకపోయినోళ్ళను చూసిన. మా అమ్మకు 80 దాటినయి, నీచు వాసన పడదు. నేను ఎవర్నీ తక్కువ అనలే. నా ఇంట్ల ఎవరుండాల్నో నేను అనుకునుడు కూడా తప్పేనా?

ఆర్ట్స్‌కాలేజి_పాతబ్యాచ్
ఓనర్ గారూ, మీరు చెప్పిన కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం. కిరాయి ఎగ్గొడతారని భయం ఉంటే జీతం చీటీ అడగండి, పాత ఓనర్ నంబర్ తీసుకోండి, అడ్వాన్స్ ఇంకో నెల పెంచండి. నీచు వద్దనుకుంటే వచ్చిన ప్రతివాళ్ళకూ అదే మాట చెప్పండి, బ్రాహ్మలొచ్చినా, రెడ్లొచ్చినా, ఎవరొచ్చినా. ఇవన్నీ అవతలి మనిషి చేసే పనికి సంబంధించినవి. అతను ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, ఒప్పుకొని మాట తప్పితే మీరు ఖాళీ చేయించొచ్చు. 'ఏమోళ్ళు' అన్నదానికి మాత్రం అతను ఏం చేసినా జవాబు మారదు.

ఇప్పుడు మన తమ్ముడి కేసు చూడండి. జీతం తెలిసింది, కుటుంబం తెలిసింది, అడ్వాన్స్ కుదిరింది. మాంసం తింటారని తెలిసి షాపు కూడా చెప్పారు. ఇల్లు ఇస్తామన్నారు. ఆ తర్వాత కొత్తగా తెలిసింది ఒక్కటే, అది తెలియగానే లేదన్నారు. మీరు చెప్పిన కారణాల్లో ఏ ఒక్కటీ ఇక్కడ పనిచేయలేదు. మిగిలిన కారణం ఈయన పుట్టుక. దోస్తుకు చెప్పాల్సిన జవాబు అదే తమ్మీ: ఆయన నిన్ను తిట్టలేదు నిజమే, కానీ మనిషిగా నీ గురించి తెలుసుకున్నదంతా ఒక్క మాటతో సున్నా చేశాడు.

కాజీపేట_జంక్షన్
సార్ ఎం.ఏ. ఫిలాసఫీ అని ఇప్పుడు తెలిసింది.

ఆర్ట్స్‌కాలేజి_పాతబ్యాచ్
పొలిటికల్ సైన్సు నాయనా. ఉద్యోగం రాలేదు గానీ మాటలొచ్చాయి.

సుబేదారి_ఓనర్
మాటలు బాగున్నయి సార్. కానీ మనుషులు అనుభవంతోనే నేర్చుకుంటరు. ఒకసారి ఒకల తోటి దెబ్బతిన్నంక మళ్ళ అటే పోతమా?

పరకాల_పిల్ల
రాత్రికి రాత్రి సామాను తీసుకపోయినోళ్ళు ఏమోళ్ళు అంకుల్?

సుబేదారి_ఓనర్
అది ఇక్కడెందుకు.

పరకాల_పిల్ల
అంటే మీవాళ్ళే. వాళ్ళ తర్వాత మీవాళ్ళకు ఇచ్చుడు ఆపేసిన్రా?

కాజీపేట_జంక్షన్
😂😂 అంకుల్ ఆఫ్‌లైన్ పోయిండు

ఆర్ట్స్‌కాలేజి_పాతబ్యాచ్
నవ్వులాటకు అన్నా అసలు సంగతి అక్కడే ఉంది. మన కులపోడు ఎగ్గొడితే 'వాడు మంచోడు కాదు' అంటం. వేరే కులపోడు ఎగ్గొడితే 'వాళ్ళంతే' అంటం. ఒకడిని మనిషిగా లెక్కేస్తున్నం, ఇంకొకడిని గుంపులో ఒకడిగా లెక్కేస్తున్నం. అందరి విలువా సమానం అంటే కనీసం ఇంత ఉండాలె కదా: ఎవడు చేసిన తప్పు వాడి ఖాతాలోనే రాయాలె.

జమ్మికుంట_రైతుబిడ్డ
ఇవన్నీ ఎందుకు, రిజర్వేషన్లు తీసేస్తే అందరూ సమానమైతరు. మెరిట్ ఉన్నోడికి ఉద్యోగం, అంతే.

రాత్రిడ్యూటీ_హన్మకొండ
అన్నా నేను ఇల్లు అడిగిన. కిరాయి ఇండ్లల్ల రిజర్వేషన్ ఉన్నదా? నేను చేసేది కూడా ప్రైవేట్ ఉద్యోగమే.

పరకాల_పిల్ల
మెరిట్ అన్నరు కాబట్టి నా సంగతి చెప్త. హన్మకొండల ఒక ప్రైవేట్ కాలేజీకి లెక్చరర్ పోస్టుకు పోయిన. ఎమ్మెస్సీ మ్యాథ్స్. డెమో క్లాసు అయింది, పిల్లలకు అర్థమైంది, ప్రిన్సిపాల్ సార్ తల ఊపిండు. తర్వాత మేనేజ్‌మెంట్ రూం. ఒకాయన అడిగిండు: "మీది పరకాల దగ్గర ఏ ఊరు? ఊర్లె ఇల్లెక్కడ?" బస్టాండ్ దగ్గర సార్ అన్న. "అది కాదమ్మా, బొడ్రాయికి ఇవతలనా, అవతలనా?" ఇంటిగ్రేషన్ ఎట్ల చెప్తవ్ అని ఒక్క ప్రశ్న లేదు. నేను చెప్పిన జవాబు విన్నంక "నాన్న ఏం చేస్తడు" అన్నరు, అయిపోయింది. "కబురు చేస్తం" అన్నరు. వారం తర్వాత ఆ పోస్టుల ఎవరు చేరిన్రో చూస్తే, డెమోకు రాని మనిషి.

లింగంపల్లి_హెచ్ఆర్
మాది ధర్మసాగర్, ఉండేది హైదరాబాద్‌లో, ఈ పనిలోనే ఉన్నాను. అక్క చెప్పిన దాన్ని మా దగ్గర 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' అంటారు. కులం అని ఎవరూ అడగరు. నాన్న ఏం చేస్తారు, అన్నదమ్ములు ఎంత చదివారు, ఏ ఊరు అని అడుగుతారు. అడిగేవాళ్ళలో చాలామంది దీన్ని వివక్ష అనుకోరు, 'మనిషి పెరిగిన తీరు తెలుస్తది' అనుకుంటారు. మన దేశంలోనే 2007లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది, సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ చేసింది. పేపర్లో పడ్డ ప్రైవేట్ ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువు, ఒకే రకం అనుభవం రాసి అప్లికేషన్లు పంపారు. పేరు మాత్రం వేరు. పై కులం హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అది ఇంటర్వ్యూ దాకా పోకముందు, కాగితం మీదే.

జమ్మికుంట_రైతుబిడ్డ
ఐటీల గట్ల లేదు. మా తమ్ముని కంపెనీల అన్ని కులాలోళ్ళు ఉన్నరు. స్కిల్ ఉంటే ఎవరూ అడగరు.

లింగంపల్లి_హెచ్ఆర్
సగం కరెక్టే చెప్పావ్ అన్నా. 2009లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఢిల్లీ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పంపిన అప్లికేషన్లలో కులాన్ని బట్టి పెద్ద తేడా కనబడలేదు. అదే పరిశోధనలో కాల్ సెంటర్ ఉద్యోగాలకు వచ్చేసరికి తేడా కనబడింది. నాకర్థమైంది చెప్తా. కోడ్ రాయొస్తదా లేదా అన్నది పరీక్ష పెట్టి తేల్చొచ్చు. 'మాట తీరు', 'మర్యాద', 'మనలో కలుస్తడా' లాంటివి ఎవరి మనసుకు తోచినట్టు వాళ్ళు కొలుస్తారు. కొలత ఎంత గాల్లో ఉంటే కులం దూరడానికి అంత సందు. పరకాల అక్క డెమో పాసయ్యింది, మేనేజ్‌మెంట్ రూంలో పోయింది, చూశారా.

ఇంకోటి, మీ తమ్ముడి కంపెనీలో సగం మంది ఎవరో ఒకరి రిఫరల్ మీద వచ్చి ఉంటారు. అక్కడ ఎవరూ ఎవర్నీ కాదనలేదు. కబురే అందరికీ చేరలేదు.

సుబేదారి_ఓనర్
ఆఫ్‌లైన్ పోలేదు, మోటర్ వెయ్యను పోయిన. ఒక మాట నిజంగ చెప్త, నవ్వకుండ్రి. నాకు పట్టింపు లేదు. పైన పక్క పోర్షన్ల ఉన్నోళ్ళకు ఉన్నది. ఒకసారి ఇట్లనే ఇద్దామనుకుంటే "మేం ఖాళీ చేస్తం" అన్నరు. వాళ్ళు చాన ఏండ్ల నుంచి ఉన్నోళ్ళు, ఒకటో తారీఖు కిరాయి ఇచ్చేటోళ్ళు. అప్పుడు నేనేం చెయ్యాలె? లోకాన్ని బాగుచేసుడు నా ఒక్కని కిరాయి మీదనేనా?

కొత్తవాడ_మగ్గం
ఇది మంచి ప్రశ్న. నిజంగ మంచి ప్రశ్న.

ఆర్ట్స్‌కాలేజి_పాతబ్యాచ్
నిజాయితీగా అడిగారు కాబట్టి నేనూ అట్లనే చెప్తా. పట్టింపు వాళ్ళది, నష్టం మాత్రం ఈ తమ్ముడిది. మీరు మధ్యలో ఉండి వాళ్ళ దగ్గర తీసుకొని ఈయనకు ఇస్తున్నారు. 'నాకు పట్టింపు లేదు' అన్నంత మాత్రాన ఈయనకు తేడా ఏముంది? పట్టింపు ఉన్న ఓనరూ లేదనే అంటడు, లేని ఓనరూ లేదనే అంటడు. ఆ కాలేజీవాళ్ళను అడిగితే కూడా 'మాకేం లేదు, పేరెంట్స్ ఏమనుకుంటరో' అనే అంటరు. అడుగుతూ పోతే ఎక్కడా తప్పు చేసినోడు దొరకడు.

మేం క్లాసులో చదువుకున్న ఒక పద్ధతి ఉంది, 1971లో జాన్ రాల్స్ అనే అమెరికా ప్రొఫెసర్ పెట్టాడు. నువ్వు ఎవరింట్లో పుడతావో తెలియకముందే హన్మకొండకు కిరాయి రూల్ రాయమంటే ఏం రాస్తావు? 'పక్కింటోళ్ళకు ఇష్టం లేకపోతే ఇయ్యొద్దు' అని రాస్తావా? ఆ పక్కింట్లో పుడతావో, గేటు బయట పుడతావో తెలియనప్పుడు?

సుబేదారి_ఓనర్
రూల్ అందరికీ పెడితే నేను కూడా ఒప్పుకుంట సార్. నేనొక్కన్నే పాటిస్తే పోర్షన్ ఖాళీ పడుతది.

పరకాల_పిల్ల
అయితే మీకు చట్టం కావాలె అంకుల్. మీకే కావాలె. "చట్టం ఊకోదమ్మా, నా చేతిల లేదు" అని పక్క పోర్షన్ వాళ్ళకు చెప్పొచ్చు.

కొత్తవాడ_మగ్గం
మాది కొత్తవాడ, దర్రీలు నేసే ఇల్లు, పద్మశాలోళ్ళం. మాకు కూడా ఒక కాడ "మావాళ్ళకే ఇస్తం" అన్నరు. బాధైంది. కానీ దాన్ని పెద్దగ పట్టించుకోలే. అందరికీ జరుగుతది కదా, రాత్రిడ్యూటీ తమ్మునికి ఒక్కనికే కాదు.

రాత్రిడ్యూటీ_హన్మకొండ
అన్నా మీకు జరిగింది కూడా తప్పే, కాదన. కానీ మీరు పక్క గల్లీకి పోతే దొరికింది కదా? మాకు ఆ గల్లీల కూడా బావమరిది కొడుకే. చివరికి స్కూలుకు, డ్యూటీకి దూరం ఉన్న కాడ, మావాళ్ళే ఉన్న కాడ దొరుకుతది. నైట్ డ్యూటీ అయ్యి పొద్దున ఆరింటికి బండి మీద అంత దూరం పోవాలె. ఒక్క ఓనర్ లేదంటే అది ఆయన ఇష్టం అనుకోవచ్చు. అందరి ఇష్టం ఒక్కటే అయినప్పుడు నాకు ఇష్టం అనేది ఎక్కడ మిగిలింది?

బ్యాచిలర్_బాధలు
కులం మార్చి చెప్తే అయిపాయె కదా బ్రో. ఆధార్ల కులం ఉండదు.

రాత్రిడ్యూటీ_హన్మకొండ
నా భార్య ఒప్పుకోదు. పాపకు అబద్ధం నేర్పి, చుట్టాలొచ్చినప్పుడల్లా భయపడుకుంట ఉండుడు నాతోని కాదు అన్నది.

కోర్టుగుమ్మం
ఆమె చెప్పింది నిజం. అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు చేరినప్పుడు ఉండటానికి చోటు దొరక్క ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు. తెలిసిపోయింది. కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. విదేశంలో చదువుకొచ్చిన మనిషి, సంస్థానం ఉద్యోగి, ఉద్యోగం ఉండి కూడా ఇల్లు లేక బరోడా వదిలిపెట్టారు. ఉద్యోగం, ఇల్లు వేరువేరు సంగతులు కావని అందుకే అంటాను.

ఇక చట్టం. అందరూ రాజ్యాంగం 15వ అధికరణం అంటారు. అందులో ప్రైవేటు మనుషులకు వర్తించే భాగం దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల లాంటి వాటి గురించి. కిరాయి ఇల్లు ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. 16వది ప్రభుత్వ ఉద్యోగాలకు, కాబట్టి పరకాల అమ్మాయి కాలేజీకి పనికిరాదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం మావాళ్ళకే అనే నిబంధన చెల్లుతుందనే చెప్పింది.

మీకు పనికొచ్చేది 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం. 4వ సెక్షన్‌లో ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండటం, ఏ ఉద్యోగంలోనైనా చేరడం రెండూ ఉన్నాయి. అంటరానితనం కారణంగా వీటికి అడ్డుపడితే నేరం. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం: బాధితులు షెడ్యూల్డ్ కులం వాళ్ళయితే, అది అంటరానితనం వల్లే చేశారని కోర్టు ముందే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాళ్ళు.

కాజీపేట_జంక్షన్
అయితే బావమరిది కొడుకును కోర్టుకు తేవాలె.

కోర్టుగుమ్మం
నవ్వుతూ అన్నారు గానీ నేను అదే అడుగుతాను క్రాస్‌లో. ఆ అబ్బాయి ఎవరు, ఎప్పుడు దిగాడు, దిగితే మర్నాడు బోర్డు ఎందుకుంది, ఇంకొకరికి ఖాళీ అని ఎందుకు చెప్పారు. అందుకే దోస్తు చేసిన ఫోన్‌కు విలువుంది. ఆయన తేదీ, సమయంతో కాల్ లిస్టు దాచాలి, రికార్డింగ్ ఉంటే తుడిచెయ్యొద్దు. బోర్డు ఫోటో తీసిపెట్టుకోండి. ఫోన్లో ఉన్నది కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, లేకపోతే పక్కన పడేస్తారు. దోస్తు వచ్చి సాక్ష్యం చెప్తాడా అన్నది మీరు తేల్చుకోవాలి. 'ఏం తప్పు' అంటున్నాడు కదా ఆయన.

సుబేదారి_ఓనర్
శిక్ష ఎంత?

కోర్టుగుమ్మం
నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల జరిమానా.

సుబేదారి_ఓనర్
ఐదు వందలా!

కోర్టుగుమ్మం
పెంచినవాళ్ళు లేరు. జైలు మాత్రం జైలే. అయినా ఆశ పెట్టి పంపను: ఇట్లాంటి కేసు నడవడానికి ఏళ్ళు పడుతుంది, గెలిచినా ఆ పోర్షన్ మీకు రాదు.

లింగంపల్లి_హెచ్ఆర్
అట్రాసిటీ కేసు పెట్టొచ్చు కదా సార్? అదే గట్టిది అంటారు.

కోర్టుగుమ్మం
గట్టిదే, కానీ అన్నింటికీ కాదు. కులం పేరుతో తిడితే పది మంది చూసే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళు లేనప్పుడు అన్న మాటకు వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ తిట్టనే లేదు, చాయ్ పోశారు. 2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ఆర్థిక బహిష్కరణ అనే మాట ఉంది, ఎదుటి మనిషితో లావాదేవీకి నిరాకరించడం కూడా దాంట్లో వస్తుంది. కిరాయి ఇంటికి అది వర్తిస్తుందని వాదించొచ్చు. జడ్జిని ఒప్పించడం వేరే సంగతి.

కొత్తవాడ_మగ్గం
మరి మాలాంటోళ్ళకు? బీసీలకు?

కోర్టుగుమ్మం
మీకు జరిగినదానికి ఏ చట్టమూ సరిపోదు. 1955 చట్టం అంటరానితనం గురించి, పుట్టుకను బట్టి జరిగే ప్రతి వివక్ష గురించీ కాదు. ముస్లింలదీ ఇదే పరిస్థితి. పేరు వినగానే ఫోన్ పెట్టేస్తే వాళ్ళు పట్టుకెళ్ళడానికి సెక్షనే లేదు.

ఆర్ట్స్‌కాలేజి_పాతబ్యాచ్
అమెరికాలో 1968 గృహ చట్టంలో ఓనర్ కూడా అదే ఇంట్లో ఉండి, నాలుగు పోర్షన్లకు మించకపోతే మినహాయింపు ఇచ్చారు. మన సుబేదారి అంకుల్‌కు సరిగ్గా సరిపోతది. కానీ అప్పుడు కూడా 'ఫలానావాళ్ళకు ఇయ్యం' అని ప్రకటన వెయ్యకూడదు. నల్లజాతి కారణంగా కాదనడానికి ఆ మినహాయింపు కూడా పనిచెయ్యదు, 1866 నాటి పాత చట్టం అడ్డం వస్తది. ఒకే వంటింట్లో మనిషిని పెట్టుకునేదానికి, కిరాయి కోసమే కట్టిన పై అంతస్తుకు తేడా ఉందని నేనూ ఒప్పుకుంటా. కానీ మెట్లు వేరు, మీటరు వేరు, కిరాయి రసీదు ఇస్తున్నప్పుడు అది ఇల్లు ఎంతో, వ్యాపారం కూడా అంతే.

సుబేదారి_ఓనర్
మెట్లు లోపలి నుంచే సార్ మాకు. మా అమ్మ కూసునే వరండాల నుంచి పోవాలె. ఇది మీరు అన్నంత సాఫ్ లేదు.

పరకాల_పిల్ల
మీ కులం కిరాయిదారులు కూడా ఆ వరండాల నుంచే పోతరు కదా అంకుల్. అమ్మ వాళ్ళ తోటి ముచ్చట పెడుతది కావచ్చు కూడా.

రాత్రిడ్యూటీ_హన్మకొండ
కోర్టుగుమ్మం సార్, కేసు దాక పోతనో లేదో తెల్వదు. ముందుగాల అంకుల్‌కు వాట్సాప్‌ల రాసి అడుగుదామనుకుంటున్న, ఎందుకు కాదన్నరో చెప్పమని. రాయొచ్చా?

కోర్టుగుమ్మం
రాయండి. బెదిరింపు మాట ఒక్కటీ వద్దు. ఫలానా రోజు ఇల్లు చూశాం, కిరాయి కుదిరింది, ఒకటో తారీఖు రమ్మన్నారు, కులం అడిగారు, చెప్పాం, సాయంత్రం కాదన్నారు, మర్నాడు ఖాళీ అని వేరేవాళ్ళకు చెప్పారు, కారణం తెలపగలరు. ఇంతే. ఆయన జవాబిచ్చినా, చూసి ఊరుకున్నా మీ దగ్గర వరుసగా కాగితం ఉంటుంది.

మానుకోట_తండా
ఇదంతా చదువుతున్న పొద్దున్నుంచి. మేము లంబాడోళ్ళం, కేయూ దగ్గర రూము కోసం తిరుగుతున్నం, "తండా వాళ్ళు గుంపులు గుంపులు వస్తరు" అంటున్నరు. ఆ 12వ సెక్షన్ మాకు పనిచేస్తదా సార్?

కోర్టుగుమ్మం
లేదు. ఆ ఊహ షెడ్యూల్డ్ కులాలకే. మీకు మిగిలేది అట్రాసిటీ చట్టం, పైన చెప్పిన ఇబ్బందులతో సహా. ఆ గుంపుల మాట ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు, పక్కన ఎవరైనా విన్నారా?

మానుకోట_తండా
గేటు కాడ అన్నరు. కిరాణం షాపాయన ఉండె.

కోర్టుగుమ్మం
గేటు అవతలా, ఇవతలా? ఇక్కడ వద్దు, మెసేజ్ చెయ్యండి.